ఇంటికీ వాహనాలకూ సంరక్షణ క్యాలెండర్: 2026 ఉగాది మొదలు

విజయవాడ సింగ్‌నగర్‌లోని మన ఇంటికి, కారుకు, స్కూటర్‌కు ఏటా చేయించవలసిన పనులన్నీ ఈ కాగితాల్లో ఉన్నాయి. ఉద్యోగరీత్యా నేను విశాఖపట్నంలో ఉండబోతున్నందున ఇకపై ఈ బాధ్యతను తమ్ముడు, మరదలు చూసుకుంటారు. అమ్మకు కూడా తెలిసి ఉండాలి కాబట్టి ప్రతి పనికీ కారణం రాశాను. తేదీలు కొద్దిరోజులు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు గాని పనుల వరుస మాత్రం మారకూడదు. ట్యాంకు కడిగించకముందే ఫిల్టర్ మార్పించినా, వానలు మొదలయ్యాక కిటికీల వెంట చెదల కోసం వెతికినా డబ్బూ శ్రమా వృథా అవుతాయి. బీమా గడువులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

ప్రతి శుక్రవారం, ప్రతి నెల మొదటి ఆదివారం

శుక్రవారం డ్రై డే పాటించాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి పూర్తి దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికోసారి నిల్వ నీరు పారబోస్తే ఆ చక్రం మధ్యలోనే తెగుతుంది. కూలర్ తొట్టి, కుండీల కింది పళ్లేలు, డాబా మీద పడి ఉన్న పాత బకెట్లు అందరికీ గుర్తుంటాయి. ఫ్రిజ్ వెనుక కింది భాగంలో ఉండే చిన్న నీళ్ల ట్రేను మాత్రం ఎవరూ చూడరు, దాన్ని కూడా బయటికి లాగి కడగాలి. సంపు మూత సందు లేకుండా కూర్చున్నదో లేదో అదే రోజు చూడాలి.

మొదటి ఆదివారం ఉదయం బండ్లు బయటికి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. కారుకు ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద ఉంది. స్టెప్నీని కూడా ఈ లెక్కలో కలపాలి. ఆ తర్వాత మీటర్ బోర్డు దగ్గర, షాక్ తగిలితే కరెంటును ఆపే ఆర్‌సీసీబీ స్విచ్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే షాక్ తగిలినప్పుడు కూడా అది పనిచేయదని అర్థం, అదే రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో నీటి మట్టం రెండు నెలలకోసారి చూస్తే చాలు, వేసవిలో మాత్రం నెలనెలా చూడాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరే నీరూ, ఆర్వో నీరు సైతం, అందులో పోయకూడదు.

ఫిబ్రవరి: కారు సర్వీసింగ్, ఏసీలు

కారుకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే దాని ప్రకారం సర్వీసింగ్ చేయించాలి. మన వాడకంలో ఏడాదే ముందు వస్తుంది. ఫిబ్రవరిలో 41,300 కిలోమీటర్ల దగ్గర చేయించాను కాబట్టి తర్వాతది 2027 ఫిబ్రవరిలో వస్తుంది. ఆ నెలనే ఎంచుకోవడానికి కారణం, ఎండలు ముదరకముందే కూలెంట్, ఏసీ గ్యాస్, బ్యాటరీ మూడూ ఒకే రాకలో పరీక్షకు వస్తాయి. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ప్రతిసారీ మార్చాలి. ఎయిర్ ఫిల్టర్‌ను తీయించి మన కళ్లతో చూసి, ముడతల మధ్య దుమ్ము దులిపినా పోకుండా నల్లబడి ఉంటేనే మార్చమనాలి. గ్లవ్ బాక్స్ వెనుకనుండే క్యాబిన్ ఫిల్టర్‌ను మన ఊరి దుమ్ములో ఏటా మార్చడమే మంచిది, ఎందుకంటే అది పూడుకుపోతే ఏసీ ఎంత పెంచినా గాలి రాదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, 2025లో మార్చాం కాబట్టి 2027 సర్వీసింగ్‌లో అడిగి చేయించాలి.

ఇంట్లో రెండు ఏసీలకు మెకానిక్ చేత సర్వీసు ఫిబ్రవరి చివరివారంలోనే చేయించాలి, మార్చి దాటితే మెకానిక్ దొరకడు. మార్చి నుంచి జూన్ వరకు పదిహేను రోజులకోసారి లోపలి జాలీలను మనమే తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోయి మళ్లీ సరిగా కూర్చోదు.

ఏప్రిల్: ఇంటి బీమా

ఇంటి పాలసీ ఏప్రిల్ 24న ముగుస్తుంది కాబట్టి పదో తేదీలోపు రెన్యూవల్ పూర్తి చేయాలి. మనది భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ పాలసీ షరతులు అన్ని కంపెనీల్లోనూ ఒకటే, ప్రీమియమే మారుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల అడగడం మంచిది. ఇందులో స్థలం విలువకు ప్రమేయం లేదు, ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే లెక్క. మన 1,450 చదరపు అడుగులకు అడుగుకు 2,000 రూపాయల చొప్పున 29 లక్షలు చూపించాను. మేస్త్రీలు చెప్పే రేటు పెరిగినప్పుడు ఈ అంకెనూ పెంచాలి. సామాన్లకు భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, విడిగా అడగకుండానే రక్షణ ఉంటుంది, అంటే మనకు 5 లక్షల 80 వేలు. నగలు అందులో లేవు. దొంగతనం కూడా, అగ్నిప్రమాదమో వరదో జరిగిన ఏడు రోజుల్లోపు దాని కారణంగా జరిగితేనే వర్తిస్తుంది. ఊరికి వెళ్లినప్పుడు తాళం పగలగొడితే ఈ పాలసీ పైసా ఇవ్వదు, దానికోసమే చోరీ పాలసీ వేరుగా ఉంది, దాని గడువు కూడా అదే 24.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మన వీధిలో ఎందరికో ఇంటి బీమా అనేది ఉంటుందనే తెలియదు. ఖర్చు తగ్గించాలని అనిపించిన ఏడాది ఏ పనినైనా వాయిదా వేయండి గాని ఇంటి బీమాను మాత్రం మానవద్దని మనవి.

మే: వానలకు ముందు చేయవలసినవి

సంవత్సరం మొత్తంలో బరువైన నెల ఇదే. మొదటి వారంలో డాబా మీద నీరు పోయే గొట్టాల్లో ఆకులు, సిమెంటు పెళ్లలు తీయించి, రెండు బకెట్ల నీళ్లు పోసి కింద ధార ఎలా వస్తుందో చూడాలి. రెండో వారంలో ఓవర్‌హెడ్ ట్యాంకు, ఆ వెంటనే సంపు కడిగించాలి. అడుగు మడ్డి తీసి, గోడలకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పట్టించి అరగంట ఉంచి, రెండుసార్లు కడిగి ఆ నీరు బయటికి వదిలాకే నింపాలి. ఎంత జాగ్రత్తగా కడిగినా పైపుల్లోని సన్నని ఒండ్రు కదిలి నాలుగైదు రోజులు కుళాయిల్లో వస్తుంది కాబట్టి, ఆర్వో యంత్రానికి సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు ఆ తర్వాతి వారంలోనే మార్పించాలి.

మే చివరివారం చెదల తనిఖీ జరగాలి. వరద తర్వాత 2024 డిసెంబరులో గోడల అంచుల వెంట రంధ్రాలు చేసి మందు ఎక్కించారు. దానికి ఐదేళ్ల వారంటీ ఉన్నా, ఏటా వాళ్ల తనిఖీ జరిగి కార్డు మీద సంతకం ఉంటేనే చెల్లుతుందని ఒప్పందంలో రాశారు. వారొచ్చే ముందు తలుపు చట్రాల వెనుక, మెట్ల కింద, పుస్తకాల బీరువా వెనుక టార్చి వేసి చూసి, గోడ మీద సన్నని మట్టి దారులు కనిపిస్తే చీపురుతో రాల్చకుండా అలాగే వదిలేయాలి, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో వారికి ఆ దారులే చెబుతాయి. తొలకరికి దీపం చుట్టూ ఉసిళ్లు మూగడం మామూలే గాని, తలుపులన్నీ మూసి ఉండగా కిటికీ గట్టు మీద రాలిన రెక్కలు కుప్పగా కనిపిస్తే పుట్ట ఇంటి లోపలే ఉందని అనుమానించాలి.

వంటింటి బొద్దింకలకు జెల్ మే, సెప్టెంబరు, జనవరి నెలల్లో వేయించాలి. అల్మరాలు ఖాళీ చేసి జిడ్డు కడిగి ఆరాక వేయించి, ఆ తర్వాత ఆ మూలల్లో ఫినాయిల్ గాని స్ప్రే గాని వాడకూడదు. ఆ వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరికి రావు, అందుకే చాలామంది మందు పనిచేయలేదని అనుకుంటారు.

జూలై, ఆగస్టు: స్కూటర్, కాలుష్య పత్రం

స్కూటర్ సొంత నష్టపు పాలసీ జూలై 11న ముగుస్తుంది. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ బీమా మాత్రం 2022లో కొన్నప్పుడే ఐదేళ్లకు కట్టాం కాబట్టి 2027 జూలై వరకు ఉంటుంది. ఆ ఏడాది రెండూ కలిపి కట్టాలనే సంగతి మరిచిపోయే ప్రమాదం ఉన్నందున ఇప్పుడే ఎర్ర సిరాతో రాసి ఉంచాను. సర్వీసింగ్ జనవరి, జూలై నెలల్లో ఉంటుంది. కారు కాలుష్య పత్రం ఆగస్టు 9 వరకు చెల్లుతుంది, స్కూటర్ పత్రం కూడా అదే వారంలో తీసుకుంటే ఒక్క రాకతో సరిపోతుంది.

సెప్టెంబరు, అక్టోబరు

కృష్ణకు వరద నీరు వచ్చే రోజుల్లో కుళాయి నీటికి మట్టి రంగు పెరుగుతుంది కాబట్టి సెడిమెంట్ ఫిల్టర్ ఆరు నెలలు నిలవదు. పారదర్శక గిన్నెలోంచి చూసి గోధుమ రంగుకు తిరిగితే నవంబరు దాకా ఆగకుండా మార్పించాలి. ఆర్వో యంత్రంలో నీటిలోని లవణాలను వడకట్టే మెంబ్రేన్ విషయంలో కంటిచూపు సరిపోదు. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో లోపలికి వచ్చే నీటినీ బయటికి వచ్చే నీటినీ కొలిచి పుస్తకంలో రాయాలి, బయటి అంకె నెలనెలా పెరుగుతుంటేనే అది మార్చవలసి ఉంటుంది. రెండేళ్లయిందన్న మాట మీద మార్చనవసరం లేదు.

ఖాళీ స్థలాల్లో నీరు నిలిస్తే పందికొక్కులు కాంపౌండ్ లోపలికి వస్తాయి. కారు పార్కు చేసే చోట గింజలు, చెత్త ఉంచకూడదు, వారానికోసారి బానెట్ ఎత్తి వైర్ల మీద కొరికిన గుర్తులు చూడాలి.

నవంబరు: కారు బీమా

గడువు నవంబరు 17 అర్ధరాత్రి ముగుస్తుంది, నవంబరు 1న కొటేషన్లు తీసుకుని 10వ తేదీకి చెల్లించాలి. వరద క్లెయిముతో 2024లో నో క్లెయిమ్ బోనస్ పోయింది. గత నవంబరులో 20 శాతం వచ్చింది, ఈసారి క్లెయిము లేకుంటే 25 శాతం వస్తుంది. అది సొంత నష్టపు ప్రీమియం మీదే వర్తిస్తుంది. చిన్న గీతలకు క్లెయిము వేసేముందు ఈ తగ్గింపును లెక్కలో పెట్టుకోవాలి. గడువు దాటిన 90 రోజుల్లోపు కట్టకపోతే బోనస్ మొత్తం పోతుంది. ఆ 90 రోజులూ బోనస్‌కే గాని రక్షణకు కావు. గడువు దాటిన నిమిషం నుంచి బండి బీమా లేనిదే, థర్డ్ పార్టీ లేకుండా రోడ్డెక్కితే తొలిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేని పాలసీని ఎంత చవకైనా తీసుకోవద్దు. మునిగిన బండిని స్టార్ట్ చేసినప్పుడు సిలిండర్లలోకి నీరు వెళ్లి జరిగే నష్టాన్ని మామూలు పాలసీలు భరించవు. నీరు ఇంజన్ వరకు వచ్చిందని అనుమానం ఉన్నా సరే తాళం తిప్పకుండా, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ చేయించాలి.

టైర్ల మీద 3621 అని ఉంది, అంటే 2021లో 36వ వారంలో తయారయ్యాయి. ఐదేళ్లు నిండుతున్నాయి కాబట్టి రబ్బరు పగుళ్లు చూపించి ఈ నవంబరులోనే నిర్ణయించాలి.

ఐదేళ్లకోసారి వచ్చేవి

గ్యాస్ గొట్టం మీద ముద్రించిన గడువు 2027 జూన్, అప్పటికి ఎంత కొత్తగా కనిపించినా మార్చాలి. సిలిండర్ దించుకునేటప్పుడు పిడి కింది పట్టీ మీద సిలిండర్ పరీక్ష గడువును తెలిపే అక్షరమూ సంవత్సరమూ చదవాలి. ఏ అంటే మార్చి చివరి వరకు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. ఆ నెల దాటినదైతే తిప్పి పంపాలి.

పని పూర్తయిన రోజే నీలం అట్ట పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, మార్చిన విడిభాగం, ఖర్చు రాసి, బిల్లును ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టాలి. పాలసీ అసలు కాగితాలు అమ్మ బీరువా పై అరలో, ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. వాటిని కింది అరల్లోకి మార్చవద్దు.