ఈ పండుగల రోజుల్లో మన ప్రెస్సు కుటుంబానికి శుభాకాంక్షలు

విజయవాడ, 17 మార్చి 2026, మంగళవారం

డీటీపీ, ప్లేట్ మేకింగ్, మిషన్, కటింగ్, బైండింగ్, డిస్పాచ్, ఆఫీసు, వాచ్‌మన్ బాబాయ్, క్యాంటీన్ పిన్నిగారు, అందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం కటింగ్ మిషన్ పక్కన బల్ల మీద ఏమేం ఉన్నాయో ఎవరైనా చూశారా? ఒక పక్క ఉగాది పంచాంగాల ఆఖరి కట్టలు, వాటిని ఆనుకుని ఈద్ శుభాకాంక్షల కార్డులు, వాటి మీద మట్టల ఆదివారం కరపత్రాలు, అడుగున ఎవరివో శ్రీరామనవమి కల్యాణ ఆహ్వానాలు. అన్నిటికీ ఒకే కత్తి. పార్టీలు వేరు, బిల్లు పుస్తకం ఒకటే. ఆ బల్ల చూశాకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయినేడు నోటీసు బోర్డు మీద పెట్టిన శుభాకాంక్షల కాగితం రాసింది నేనే. ఉగాది 30న, రంజాన్ 31న పక్కపక్కనే వచ్చాయి కదా అని ఆ రెండూ రాసి సంతకం పెట్టేశాను. మూడో రోజు బైండింగ్‌లో ఫారాలు మడుస్తూనే ఒక అక్క, తల ఎత్తకుండా, "ఈస్టర్‌కి ఇంకో కాగితం పెడతారా సార్?" అని అడిగింది. కోపంగా అడిగుంటే బాగుండేది, మామూలుగా అడిగింది. అందుకే ఈసారి అందరికీ కలిపి ఒకటే కాగితం, అదీ పండుగలు మొదలుకాకముందే.

ఈ గురువారం, 19న, ఉగాది. పరాభవ నామ సంవత్సరం వస్తోంది. పేరు చూసి బెంగపడకండి, అరవై ఏళ్ళకోసారి వచ్చే పేరే అది. రంజాన్ శుక్రవారమా శనివారమా అన్నది నెలవంక చెప్పాలి. ఆ తర్వాత శ్రీరామనవమి, మహావీర్ జయంతి. ఏప్రిల్ 3న గుడ్ ఫ్రైడే, 5న ఈస్టర్.

క్యాలెండర్ల పని చేసేవాళ్ళం కాబట్టి మనకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇవన్నీ చంద్రుణ్ణి పట్టుకుని వచ్చేవే. ఈ అమావాస్య దాటితే పాడ్యమి, అది ఉగాది. అదే అమావాస్య దాటి వంక కంటపడితే ఈద్. ఆ వంక పెరిగి త్రయోదశి నాటికి మహావీర్ జయంతి. మార్చి 21 నుంచి లెక్కపెట్టి వచ్చే పున్నమి దాటాక తొలి ఆదివారం ఈస్టర్. ఉపవాసాలు కూడా ఒక్క రోజు తేడాతోనే మొదలయ్యాయి, శ్రమదినాలు ఫిబ్రవరి 18న, రోజాలు 19న. ఈ నెల రోజులూ క్యాంటీన్‌లో పదకొండు గంటల టీ గ్లాసులు సగానికి సగం తగ్గాయని పిన్నిగారు లెక్క చెబుతున్నారు.

ఉగాది, రంజాన్ ఇలా ఒకదాని వెనక ఒకటి రావడం ఇది వరసగా మూడో ఏడు. 2024లో ఏప్రిల్ 9, 11. పోయినేడు చెప్పనే చెప్పాను. ఈ ఏడు మే నెలలో అధిక జ్యేష్ఠం పడుతోంది కనుక వచ్చే ఉగాది ఏప్రిల్ 7కి జరిగిపోతుంది, రంజానేమో మార్చి పదో తేదీ ప్రాంతానికి ముందుకొస్తుంది. అంటే మళ్ళీ ఇలా ఒకే వారంలో కలవాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. అప్పటికి నేను రిటైరై ఉంటాను.

2024 ఉగాది మాత్రం నేను మర్చిపోను. ఎన్నికల కరపత్రాల హడావుడి. పండుగ రోజూ మిషన్ ఆపలేదు. పొద్దున్నే పిన్నిగారు స్టీలు బక్కెట్‌లో పచ్చడి కలుపుకొచ్చి అందరికీ గ్లాసుల్లో పోశారు. మిషన్ దగ్గరున్న భాయ్‌కి రోజా. వద్దనలేదు, తాగలేదు. గ్లాసు అందుకుని, ఆర్ట్ పేపర్ కటింగ్ ముక్క ఒకటి దాని మీద మూతలా పెట్టి, ఇంకు డబ్బాలకు దూరంగా పై అరలో ఉంచాడు. మూత మీద పెన్సిల్‌తో తన పేరు కూడా రాసుకున్నాడు, ఎవరైనా తాగేస్తారని! సాయంత్రం ఆరున్నర కావస్తుండగా ఫీడర్ దగ్గర హెల్పర్ నిలబడ్డాడు, భాయ్ చేతులు కడుక్కుని ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు, తర్వాత ఆ గ్లాసు అందుకున్నాడు. వేపపూత పొద్దుట్నుంచీ నాని చేదు బాగా దిగింది. మొహం చిట్లించి, "ఇది మీరంతా ఎలా తాగార్రా?" అన్నాడు. మిషన్ చప్పుడు మించి నవ్వాం.

నాకు పండుగంటే ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

ఇక సెలవుల సంగతి. గురువారం ప్రెస్సుకు సెలవు. నెలవంక కబురు తెలియగానే రాత్రి ఎంతైనా సరే గ్రూపులో పెడతాను, ఈద్ ఏ రోజైతే ఆ రోజు సెలవు. ఏప్రిల్ 3న కూడా సెలవే. శ్రీరామనవమికీ మహావీర్ జయంతికీ కావలసినవాళ్ళు ముందురోజు చెబితే చాలు, కారణం రాయక్కర్లేదు. ఏ పండుగా చేసుకోనివాళ్ళూ మనలో ఉన్నారు. పోయిన రెండేళ్ళూ అందరి బదులూ డ్యూటీలు చేసింది ఎక్కువగా వాళ్ళే. ఈసారి వాళ్ళకు నచ్చిన ఏదో ఒక రోజు తీసుకోవాలని నా మనవి, ఏ పేరూ అక్కర్లేదు, సినిమాకి వెళ్ళినా సరే.

చిన్న మాట. గుడ్ ఫ్రైడే నాడు "హ్యాపీ" అని మెసేజీలు పెట్టకండి. అది దుఃఖంతో ప్రార్థన చేసుకునే రోజు. శుభాకాంక్షలు ఆదివారం చెప్పండి. తెలియక నేనూ ఒకప్పుడు పెట్టినవాడినే.

అందరం కలిసి భోజనం చేసేది ఏప్రిల్ 8, బుధవారం మధ్యాహ్నం. అప్పటికి రోజాలు, శ్రమదినాలు అన్నీ అయిపోతాయి. శనివారం పెడదామనుకున్నాం కానీ, శనివారం నీచు ముట్టనివాళ్ళు తొమ్మిదిమంది లేచారు. శుక్రవారమంటే నమాజు వేళ. అలా తిరిగి తిరిగి బుధవారం దగ్గర ఆగింది. పులిహోర, పప్పు, దోసకాయ కూర, పెరుగు ఒక పొయ్యి మీద, అకౌంట్స్‌లో ఉన్న మన జైన సోదరుడి కోసం ఆ పొయ్యి మీద ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఉండవు. కోడి పులావు వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో. కోడి భాయ్ వాళ్ళు చెప్పిన కొట్టు నుంచే వస్తుంది. పొయ్యిలు రెండు, బంతి మాత్రం ఒకటే. మేనేజర్లకు వేరే బల్ల వేయడం లేదు. వడ్డన నాది, డీటీపీ కుర్రాళ్ళది. ఇంట్లోవాళ్ళను, పిల్లలను తీసుకురండి. ఎంతమంది వస్తారో ఏప్రిల్ 6 సాయంత్రంలోగా పిన్నిగారికి చెప్పండి. పోయినసారి డెబ్భైమంది అనుకుంటే తొంభై దాటారు, ఆఖరి బంతికి పెరుగన్నమే మిగిలింది. ఆ ఆఖరి బంతిలో నేనూ ఉన్నాను.

మీకూ మీ ఇళ్ళలో అందరికీ ఈ పండుగలు చల్లగా జరగాలి. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఎండ పడకముందే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు అరిసెలైనా, సేమ్యా అయినా, కేకైనా తెచ్చేవాళ్ళకు డిస్పాచ్ గదిలో బల్ల ఖాళీ చేసి ఉంచుతాం. కాగితాల మీద మాత్రం పెట్టకండి, నూనె మరకలు పడితే రీము మొత్తం పోతుంది.

మీ
ప్రొడక్షన్ మేనేజర్