సెక్షన్ 4: ఊరి ఆరోగ్య కార్యకర్తలతో డిప్రెషన్ కేర్, గ్రాంట్ అయిపోయాక ఎలా నడుస్తుంది

అనంతపురం జిల్లా కంబదూరు, కుందుర్పి మండలాల్లో ఎవరూ పీహెచ్‌సీకి వచ్చి నాకు డిప్రెషన్ అని చెప్పరు. మనేద పట్టుకుంది, నిద్ర రాలేదు, ఒళ్ళంతా నొప్పులు అంటారు, సూది వేయించుకుని పోతారు. పోయిన ఏడు శెనక్కాయ పంట పోయి మొగుడు బెంగళూరుకి పనికి పోయిన ఒకామె నాలుగు నెలలు ఇట్లాగే సూదులు వేయించుకుంటా తిరిగింది, చివరికి మా కార్యకర్త గడప మీద కూర్చుని అడిగితే "అన్నం వండాలన్నా చేతులు ఆడట్లేదక్కా" అనింది. ఆ మాట డాక్టర్ దగ్గర రాదు, అక్క దగ్గరే వస్తుంది. మా మోడల్ మొత్తం దీని మీదే నిలబడింది.

24 ఊళ్ళకి 12 మంది కార్యకర్తలు, ఒక్కొక్కరికి రెండేసి ఊళ్ళు, అందరూ డ్వాక్రా సంఘాల్లోంచి వచ్చే ఆడవాళ్ళే. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 లోని తొమ్మిది ప్రశ్నలు మన యాసలో అడుగుతారు, స్కోరు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంటికెళ్ళి ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడతారు. ఇది గోవాలో మామూలు మనుషులకి ట్రైనింగ్ ఇచ్చి చేయించి, 2017లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చిన పద్ధతి. మొదటి వారం పెద్ద పనేం చెప్పరు, పక్కింటి వాళ్ళతో కూర్చుని చింతపండు గింజలు తీయడం లాంటిదే, మనిషి మళ్ళీ నలుగురిలోకి రావడమే ముఖ్యం. చచ్చిపోవాలనుందా అనే తొమ్మిదో ప్రశ్నకి అవునంటే మాత్రం ఆగేది లేదు, అదే రోజు కార్యకర్త తోడుగా డాక్టర్ దగ్గరికి, రాత్రయితే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి ఫోన్, ఇంట్లో పురుగుమందు డబ్బా వేరే ఇంటికి మార్పించాల. మందులు డాక్టరే రాస్తారు, కార్యకర్త రాయదు.

ఇంక డబ్బు సంగతి. ఇంతకుముందు మేము పనిచేసిన ఒక ప్రాజెక్ట్ రెండేళ్ళకి ఆగిపోయింది, సగం సిట్టింగుల్లో ఉన్నోళ్ళు "అక్క ఎందుకు రాలేదు" అని అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈసారి మొదటి రోజు నుంచే చివరి రోజు లెక్క వేసుకున్నాం. నెలకి ఒక్కో కార్యకర్తకి 6,000, అంటే ఏడాదికి 8,64,000. మొదటి ఏడు మొత్తం గ్రాంట్ నుంచి, రెండో ఏడు 6,48,000, మూడో ఏడు 4,32,000 మాత్రమే అడుగుతున్నాం, మిగతాది ఇస్తామని రెండు మండల సమాఖ్యలు తీర్మానం రాసిచ్చాయి. నాలుగో ఏడు నుంచి సమాఖ్యల 4,32,000తో కనీసం ఆరుగురు ఉంటారు, అప్పటికి ఇంటింటి సర్వే అయిపోయుంటుంది కాబట్టి ఒక్కొక్కరు నాలుగు ఊళ్ళు చూడగలరు. ప్రభుత్వ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నుంచి డబ్బు వస్తే 12 మందినీ ఉంచుతాం, కానీ దాన్ని నమ్ముకుని ఈ లెక్క రాయలేదు.

సూపర్‌విజన్‌కి కూడా బయటి నిపుణుల మీద ఎల్లకాలం ఆధారపడం, పేషెంట్ ఒప్పుకుంటేనే రికార్డ్ చేసిన సిట్టింగులు కార్యకర్తలే పదిహేను రోజులకోసారి కలిసి విని ఒకరికొకరు మార్కులు వేసుకుంటారు, మొదటి ఏడాది మాత్రం సైకియాట్రిస్ట్ పక్కన ఉంటారు, తర్వాత నెలకోసారి ఫోన్‌లో ఉంటే చాలు.