మా నాయనమ్మ పూతరేకుల షార్ట్ గురించి

మా వీడియోని అడక్కుండా తీసుకుని పెట్టుకున్న ఒక పేజీలో మంగళవారం నేను పెట్టిన కామెంట్:

నమస్కారమండి. ఈ 42 సెకన్ల వీడియో నేను తీసింది. జూన్ 8న మా ఛానెల్లో పెట్టాను. ఇందులో రేకు తీస్తున్నది మా నాయనమ్మ. మూలన ఉన్న మా ఛానెల్ పేరు మీ జూమ్‌లో తెగిపోయింది, ఆవిడ మాటల మీద పాట పడింది. "క్రెడిట్ ఓనర్‌కే" అని కింద రాశారు గానీ ఆ ఓనర్ ఎవరో రాయలేదు. నేనేనండి. మా వీడియో లింకు డిస్క్రిప్షన్‌లో పెట్టి, కామెంట్లలో పిన్ చేస్తే చాలు. లేదంటే దీన్ని తీసేసి, మా వీడియో కింద రీమిక్స్ నొక్కి మళ్లీ చేసుకోండి. ఆ ఆప్షన్ ఎవరికైనా తెరిచే ఉంచాను, లింకు దానంతట అదే పడుతుంది. ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను.

గురువారం పెట్టిన వీడియోలో చెప్పింది:

అందరికీ నమస్కారమండి. మంగళవారం కామెంట్ పెట్టాను, డీఎం కూడా చేశాను. డీఎం చూసినట్టు కనిపిస్తోంది, జవాబు లేదు. కామెంట్ ఇప్పుడు కనిపించట్లేదు. వాళ్లే తీశారో, ఫిల్టర్లో పోయిందో నాకు తెలీదు, అందుకే ఆ మాట అనను. ఆ పేజీ పేరు కూడా చెప్పట్లేదు. కనిపెట్టినవాళ్లు దయచేసి అక్కడికి వెళ్లి తిట్టకండి. నిన్న ఒకాయన నా తరఫున అక్కడ బూతులు రాశాడు. తమ్ముడూ, నీ అభిమానానికి థాంక్స్, ముందు అది తీసెయ్. రేపు వాళ్లు స్క్రీన్‌షాట్ పెడితే తిట్టింది నేనే అనుకుంటారు.

ఇంతకీ నేను ఈ వీడియో చేయడానికి కారణం వ్యూస్ కాదు. అబద్ధమెందుకు, వ్యూస్ చూసి కూడా కడుపు మండింది, మాకొచ్చినదానికి పదింతలు వాళ్లకొచ్చాయి. కానీ అసలు బాధ కామెంట్లు చదివాక పట్టుకుంది. "ఇది ప్లాస్టిక్" అని ఒకరు. "ఆ మాసిన గుడ్డ చూడండి, ఎలా తింటార్రా" అని ఇంకొకరు. దాని కింద నలభై నవ్వులు. ఆ గుడ్డ మాసింది కాదండి, బియ్యప్పిండి నీళ్లలో నాని నాని ఆ రంగుకొచ్చింది. మా వీడియోలో నాయనమ్మ ఆ మాటే చెబుతుంది. ఆ మాట మీదే వాళ్లు పాట వేశారు.

తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెబుతాను. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు మండిస్తారు. పల్చటి పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగుతారు. గుడ్డ ఇటు రాగానే అటు రేకు తయారు, వెలుతురుకి పెడితే అవతల చెయ్యి కనపడుతుంది. ప్లాస్టిక్ అనుకున్నవాళ్ల తప్పేం లేదు, చెప్పే గొంతు లేకపోతే నేనూ అలాగే అనుకుందును.

"పూతరేకులు మీ సొంతమా" అని కూడా అడిగారు. కాదండి. అవి ఆత్రేయపురం మొత్తానివి, 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు వీడియో. మా వీధిలోనే పది ఇళ్లలో కుండలున్నాయి. నేను తీసిన వీడియో మాత్రం నాది, అది మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారమే. రిజిస్టర్ చేయించక్కర్లేదు కూడా.

నేనేమీ పుణ్యాత్ముణ్ని కాదు. ఛానెల్ మొదలెట్టిన కొత్తలో వాట్సాప్‌లో వచ్చిన గోదావరి ఫొటో ఒకటి థంబ్‌నెయిల్‌గా వాడేశాను. తీసినాయన మెసేజ్ పెడితే సిగ్గేసి మార్చాను. ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదు. అందుకే ఇప్పుడు నేనూ అనట్లేదు.

ఆ పేజీ నడిపేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, బ్రదర్ అయినా సిస్టర్ అయినా, ఆదివారం సాయంత్రం ఆరు దాకా ఆగుతాను. లింకు పెడితే ఈ వీడియో నేనే తీసేస్తాను. పెట్టకపోతే యూట్యూబ్‌లో కాపీరైట్ ఫారం నింపుతాను. అందులోనూ వెంటనే తీసేయమని కాకుండా, ఏడు రోజులు టైమిచ్చే ఆప్షన్ పెడతాను. ఆ ఏడు రోజుల్లో మీరే తీసేస్తే స్ట్రైక్ పడదు. మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు, ఒక ఛానెల్ పెంచడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నాయనమ్మకి ఈ గొడవంతా చెప్పాను. "మన కుండ అంతమంది చూశారా" అంది, అంతే. డబ్బులొస్తాయా అని కూడా అడిగింది, ఆ సంగతి వేరే చెబుతాను.

ఇప్పుడు ఆ 42 సెకన్లూ పాట లేకుండా మళ్లీ వేస్తున్నాను, సౌండ్ పెంచుకుని వినండి.

"గుడ్డ పొద్దున్నే ఉతికిందేరా, పిండికి ఆ రంగొచ్చింది... ఒరేయ్, ఆ ఫోను పొగలోంచి తియ్యి, పాడైపోద్ది."