ఆసక్తి వ్యక్తీకరణ ప్రకటన: నీటి వృథా తగ్గింపు పథకానికి కన్సల్టెంట్ల ఎంపిక

ఈఓఐ నం. 07/2026
తేదీ: 13-07-2026

పట్టణ నీటి సరఫరా విభాగం పరిధిలో సుమారు 140 కిలోమీటర్ల పంపిణీ పైపులైన్లు, 18,000 కుళాయి కనెక్షన్లు ఉన్నాయి. నీరు ఎక్కడ, ఎందుకు వృథా అవుతోందో క్షేత్రస్థాయిలో తేల్చి, సమగ్ర ప్రాజెక్టు నివేదిక తయారుచేయడానికి అనుభవజ్ఞులైన కన్సల్టెన్సీ సంస్థల నుంచి ఆసక్తి వ్యక్తీకరణలు కోరుతున్నాం. ఇది టెండరు కాదు. ధరలు ఇప్పుడు పంపకూడదు; పంపినవారి దరఖాస్తు తిరస్కరిస్తాం.

పని: పైపులైన్ల మ్యాపింగ్, మీటరింగ్ జోన్ల విభజన, రాత్రివేళ కనిష్ఠ ప్రవాహం కొలతలు, EPANET లో హైడ్రాలిక్ మోడల్, మరమ్మతుల ప్రాధాన్యక్రమం, అంచనా వ్యయం. గడువు 8 నెలలు.

అర్హతలు: సంస్థ నమోదై కనీసం 7 ఏళ్లు నిండాలి. గత 5 ఏళ్లలో ఇలాంటి పనులు కనీసం రెండు పూర్తిచేసి ఉండాలి. వాటిలో ఒకదానిలోనైనా క్షేత్రస్థాయి ప్రవాహ కొలతలు స్వయంగా తీసి ఉండాలి. కేవలం కాగితాల మీది అంచనాలతో ముగించిన పనులను లెక్కలోకి తీసుకోం. పని పూర్తయిందని దాన్ని అప్పగించిన కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రంలో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, సంస్థ చేసిన భాగం స్పష్టంగా ఉండాలి. వర్క్ ఆర్డర్ ఒక్కటే జతచేస్తే చాలదు. బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నవారు అనర్హులు. పైపులు, మీటర్లు తయారుచేసే లేదా అమ్మే సంస్థలు, వాటి అనుబంధ సంస్థలు కూడా అనర్హులే. ఏవి కొనాలో ఈ నివేదికే చెప్పాలి కదా. ఇద్దరు కలిసి దరఖాస్తు చేయవచ్చు, అయితే ఎవరు ముందుండి నడిపిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. బాధ్యత ఉమ్మడిగానూ విడివిడిగానూ ఇద్దరిదీ.

మూల్యాంకనం: మొత్తం 100 మార్కులు. ఇలాంటి పనుల అనుభవానికి 50, టీమ్ లీడర్‌తో సహా ముఖ్య నిపుణుల అర్హతలకు 35, గత 3 ఏళ్ల ఆడిట్ లెక్కల్లో కనిపించే ఆర్థిక స్థోమతకు 15. కనీసం 60 మార్కులు వచ్చినవారిలో మొదటి ఆరుగురికి మించకుండా షార్ట్‌లిస్ట్ చేస్తాం. సాంకేతిక, ఆర్థిక ప్రతిపాదనలు వారినుంచే తీసుకుంటాం. ఆ దశలో నాణ్యతకు 80, ధరకు 20 శాతం వెయిటేజీ. అతి తక్కువ ధరకు 100 మార్కులు, మిగతావారికి ఈ సూత్రం ప్రకారం:

మార్కులు = 100 × అతి తక్కువ ధర ÷ వారి ధర

దరఖాస్తు 40 పేజీలు మించకూడదు. రంగుల బ్రోచర్లు అక్కర్లేదు, వాటికి మార్కులు లేవు. సందేహాలు 27-07-2026 లోపు రాతపూర్వకంగా పంపాలి. జవాబులు అడిగినవారి పేరు లేకుండా అందరికీ తెలియజేస్తాం.

సమర్పణ: సీల్డ్ కవరుపై ఈఓఐ నంబరు రాసి, 14-08-2026 శుక్రవారం మధ్యాహ్నం 3 గంటల లోపు ఈ కార్యాలయ ఇన్‌వార్డ్ విభాగంలో అందజేసి రసీదు తీసుకోవాలి. అదే రోజు 3.30కు హాజరైన ప్రతినిధుల సమక్షంలో కవర్లు తెరుస్తాం. పోస్టులో ఆలస్యమైనా గడువు దాటినవి తెరవకుండానే తిప్పి పంపుతాం.

కారణం చూపి ఈ ప్రక్రియను ఏ దశలోనైనా రద్దుచేసే హక్కు విభాగానికి ఉంది.

(సంతకం)
కార్యనిర్వాహక ఇంజినీరు
పట్టణ నీటి సరఫరా విభాగం