885 అడుగులు: డాక్యుమెంటరీ పిచ్ ప్రసంగం (5 నిమిషాలు, ట్రైలర్‌తో కలిపి)

(0:00, దర్శకురాలు)

అందరికీ నమస్కారం. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఆ గీతకు కింద పడ్డ ఊళ్లను 1981లో ఖాళీ చేయించారు. సుమారు వంద ఊళ్లు, లక్ష మంది దాకా జనం. అదే సమయంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపూర్‌కు చేర్చి మళ్లీ కట్టారు. చక్కటి పని, ఈరోజు వెళ్లినా చూడొచ్చు. ఇళ్లకు మాత్రం ఎవరూ నంబర్లు వెయ్యలేదు. అందుకే ఎండాకాలం నీళ్లు దిగగానే జనం తమ ఇల్లెక్కడుందో తామే వెతుక్కుంటారు.

మా సినిమా ఆ వెతుకులాట గురించి. నిడివి 75 నిమిషాలు, టీవీకి 52 నిమిషాల కూర్పు. ముందు 40 సెకన్లు చూడండి.

(0:50, ట్రైలర్. లైట్లు ఆర్పాలి. పగుళ్లిచ్చిన ఒండ్రు మీద నడుస్తున్న కాళ్లు, సగం పూడిపోయిన రోలు, దాని చుట్టూ గడపలు అడుగులతో కొలుస్తున్న పెద్దాయన. సంగీతం లేదు.)

(1:30, దర్శకురాలు)

ఆయనకు డెబ్బై దాటాయి, కొల్లాపూర్ వైపు మనిషి. రోలు దొరికితే వంటిల్లు దొరికినట్టే, అక్కణ్ణుంచి ఏడడుగులు వేస్తే వాకిలి అంటాడు. రెండో పాత్ర ఆయన కూతురు. ముంపు కుటుంబానికో ఉద్యోగం ఇస్తామన్న 1986 నాటి జీవో 98 కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. మూడో మనిషి కోస్తా నుంచి వలస వచ్చిన జాలరి. మునిగిన ఊరి గోడలకు తగిలి ఆయన వల చిరుగుతుంది. ఏ గోడ ఎక్కడుందో ఊరివాళ్లకన్నా ఆయనకే బాగా తెలుసు. సినిమా రెండో సగంలో పెద్దాయన ఇల్లు వెతకడానికి ఆ జాలరి పడవే ఎక్కుతాడు. ముగ్గురూ రాతపూర్వకంగా అంగీకరించారు.

నంద్యాల జిల్లాలోని సప్తనదీ సంగమేశ్వరం గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. కూడవెల్లి గుడి వేరు, ఇది వేరు. నీటిమట్టం 840 అడుగుల దరిదాపుల్లోకి దిగితేనే ఇది బయటపడుతుంది. వేప మొద్దు శివలింగం, బురదలో పూజలు. ప్రతి టీవీ వాళ్లూ తీసే దృశ్యమే కాబట్టి మేం దాన్ని ఒకే ఒక్క షాట్‌లో దాటేస్తాం.

(2:50, నిర్మాత)

షూటింగ్ క్యాలెండర్ మా చేతిలో లేదు, నీళ్ల చేతిలో ఉంది. నీళ్లు దిగిన వెంటనే వెళ్తే మోకాలి లోతు బురద, స్టాండు నిలవదు. పైన ఎండి పగుళ్లిచ్చాక వెళ్లాలి. ఎగువ నుంచి వరద మొదలైతే మళ్లీ అంతా నీళ్లే. రెండు ఎండాకాలాలు తీశాం, 46 గంటల ఫుటేజీ ఉంది. మూడోది వచ్చే మార్చి నుంచి జూన్. ఒకవేళ ఆ ఏడు నీళ్లు సరిగా దిగకపోతే? కూతురి కథ ఆఫీసుల్లో నడుస్తుంది, దానికి నీళ్లతో పనిలేదు. జాలరి కథకు నిండు జలాశయమే కావాలి. ఆగేది పెద్దాయన చివరి సీను ఒక్కటే. అది లేకుండా ముగించే కూర్పు కూడా రాసి ఫోల్డర్‌లో పెట్టాం.

డ్యామ్ పరిసరాల్లో డ్రోన్ ఎగరెయ్యం. అనుమతుల కోసం షెడ్యూలు పోగొట్టుకోలేం.

(3:40, నిర్మాత)

డబ్బు సంగతి. మొత్తం బడ్జెట్ కోటీ 20 లక్షలు. చేతిలో 48 లక్షలు ఉన్నాయి: మా సంస్థ నగదు 22, గ్రాంటు 16, మేమిద్దరం వాయిదా వేసుకున్న జీతాలు 10. టీవీ ప్రీ-సేల్ కింద 30 లక్షలకు మాటలు నడుస్తున్నాయి, సంతకం ఇంకా కాలేదు కాబట్టి దాన్ని వచ్చినట్టు చూపించట్లేదు. మిగతా 42 లక్షలకు, అంటే 35 శాతానికి, ఒకే ఒక్క సహ నిర్మాత కావాలి. అందులో 18 లక్షలు మూడో ఎండాకాలం షూటింగ్‌కు, 15 ఎడిటింగ్, సౌండ్, గ్రేడింగ్‌కు, 9 పాత ఫుటేజీ, ఫొటోలు, మ్యాపుల హక్కులకు.

బదులుగా నికర ఆదాయంలో 35 శాతం, భారత్ బయటి ప్రసార హక్కులు, మొదటి కార్డులోనే సహ నిర్మాతగా పేరు. గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు. మా వాయిదా జీతాలు మీ పెట్టుబడి వెనక్కి వచ్చాకే తీసుకుంటాం. రఫ్ కట్ మీద మీ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుంటాం. ఫైనల్ కట్ మాత్రం దర్శకురాలిదే. దీని మీద బేరం లేదని ముందే చెప్పడం మంచిది.

డిసెంబరుకు రఫ్ కట్, ఆ తర్వాతి మార్చికి సినిమా పూర్తి.

(4:35, దర్శకురాలు)

మాకు డబ్బొక్కటే కాదు, విదేశీ ప్రసార సంస్థలతో ఇదివరకు పనిచేసిన అనుభవం కూడా కావాలి. మాకది లేదు. మధ్యాహ్నం మా టేబుల్ దగ్గర ఎడిట్ చెయ్యని 20 నిమిషాల ఫుటేజీ, హెడ్‌ఫోన్లు, బడ్జెట్ షీటు ఉంటాయి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.