14వ బెడ్: రాత్రి స్టాఫ్‌కు డైటీషియన్ హ్యాండోవర్

మంగళవారం, సాయంత్రం 7:30. న్యూరో వార్డు. ఆయమ్మలకూ చదివి వినిపించాలని తెలుగులోనే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఈ రాత్రి 14వ బెడ్ పేషెంట్‌కు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. చెంచాడు నీళ్లు కూడా వద్దు. ఫీడ్, నీళ్లు, మందులు అన్నీ రైల్స్ ట్యూబ్‌లోనే. మధ్యాహ్నం వరకు ఉన్న ఆర్డర్ వేరు, ఇప్పుడున్నది వేరు. కేస్ షీట్‌లో పాత పేజీ చూసి పొరపాటు పడొద్దు.

పేషెంట్ వయసు 63, మగ, బరువు 58 కిలోలు. స్ట్రోక్ వచ్చి ఇది ఆరో రోజు. కుడి చెయ్యి, కుడి కాలు, కుడి వైపు మూతి పడిపోయాయి. మాట రావడం లేదు, మనం చెప్పేది కొంత అర్థమవుతోంది. షుగర్ ఉంది. ఉదయం 11కి స్పీచ్ థెరపిస్ట్ చూసి, మెత్తగా రుబ్బిన ఆహారం (లెవెల్ 4), చిక్కగా చేసిన ద్రవాలు (లెవెల్ 3) చెంచాతో కొద్దికొద్దిగా పెట్టొచ్చన్నారు. మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని మెత్తటి పప్పన్నం 6 చెంచాలు పెట్టించాను. మింగారు గానీ, తర్వాత టార్చ్ వేసి చూస్తే కుడి బుగ్గలో ఒక ముద్ద అలాగే ఉంది. ఆయనకు తెలియనే లేదు.

సాయంత్రం 4:15కి ఇంటి నుంచి వచ్చిన బంధువులు ఫ్లాస్క్ మూతలో మామూలు టీ పోసి, బిస్కెట్ ముంచి పెట్టారు. రెండో గుటకకే గట్టిగా పొలమారింది. సక్షన్ చేశారు. గొంతు ఓ పావుగంట గురగురలాడింది. డ్యూటీ డాక్టర్ ఛాతీ చూశారు. 5 గంటలకు ఆక్సిజన్ 97, జ్వరం 98.4, ఊపిరి నిమిషానికి 18. ఎక్స్‌రే తీశారు, రిపోర్టు డాక్టర్ దగ్గరుంది. రేపు 10 గంటలకు స్పీచ్ థెరపిస్ట్ మళ్లీ చూసేదాకా నోటి ఫీడింగ్ ఆపాం. మంచం తలవైపు ఎర్ర కార్డు పెట్టాను.

ఇక్కడే ఒక చిక్కుంది. పొద్దున 6:30 ట్రాలీలో ఈ బెడ్ పేరుతో మెత్తటి ఉప్మా రావొచ్చు. కిచెన్‌కు ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాను, అయినా పాత లిస్టు పట్టుకుని పంపేస్తుంటారు. వస్తే వెనక్కి పంపండి, బెడ్ పక్కన మాత్రం ఉంచొద్దు.

రాత్రి ఫీడ్లు మూడు: 10 గంటలకు, 2 గంటలకు, 6 గంటలకు. ఒక్కోటి 250 ఎంఎల్. రోజు మొత్తం ఆరు ఫీడ్లు, అంటే 1500 క్యాలరీలు. సగం రాత్రిపూట మీ చేతుల మీదుగానే వెళ్తుంది, అందుకే ఒక్కటి తప్పినా లెక్క కనబడుతుంది. మూడు బాటిళ్లూ లేబుల్ వేసి వార్డు ఫ్రిజ్ రెండో అరలో పెట్టాను. అరగంట ముందు బయటికి తీస్తే చాలు, వేడి చేయొద్దు. తెరిచాక మిగిలింది పారబోయండి. ముందు 30 ఎంఎల్ నీళ్లు, తర్వాత ఫీడ్, తర్వాత మళ్లీ 30 ఎంఎల్ నీళ్లు. సిరంజిని పైకి పట్టుకుని దానంతటదే దిగనివ్వండి, పిస్టన్‌తో తోయొద్దు. అరగంట పడుతుంది. 12కీ 4కీ ఉత్త నీళ్లు 100 ఎంఎల్.

తల ఎత్తు 30 నుంచి 45 డిగ్రీలు. ఫీడ్ అయ్యాక కూడా గంటసేపు అలాగే. ఈ మంచం క్రాంక్ లూజుగా ఉంది, ఎత్తిన పది నిమిషాలకే కాస్త దిగుతోంది. కంప్లయింట్ రాశాం, ఇంకా ఎవరూ రాలేదు. అందుకని వీపు వెనక రెండు దిండ్లు పెట్టించాను, మధ్యలో ఓసారి చూడండి. డైపర్ మార్చడం, పక్క తిప్పడం ఫీడ్‌కు ముందే అయిపోవాలి.

ట్యూబ్ గుర్తు ముక్కు దగ్గర 56 సెం.మీ. ప్రతి ఫీడ్‌కు ముందు ఆ అంకె చూడండి, కొంచెం లాగి పీహెచ్ స్ట్రిప్ మీద వేయండి. 5.5 లోపు ఉంటే ఫీడ్ ఇవ్వొచ్చు. ఆయనకు పాంటొప్రజోల్ నడుస్తోంది కాబట్టి 6 చూపించినా ఆశ్చర్యం లేదు. అలాగని ఫర్వాలేదనుకుని పోసేయకండి. ఫీడ్ ఆపి డాక్టర్‌ను అడగండి. గాలి కొట్టి శబ్దం విని నిర్ధారించుకోవడం సరిపోదు. లాగినప్పుడు 200 ఎంఎల్ దాటి వచ్చినా, వాంతి అయినా, పొట్ట ఉబ్బినా ఆపి చెప్పండి. ఎడమ చెయ్యి బాగా పనిచేస్తోంది, నిద్రమత్తులో ట్యూబ్ పీక్కునే అలవాటు. గుర్తు జారితే లోపలికి తోయొద్దు.

నిన్న రాత్రి 3 గంటలకు ట్యూబ్ మూసుకుపోయిన కారణం దొరికింది. లాకర్ మీద రెండు డబ్బాలున్నాయి, రెండూ తెల్లవే. ఒకటి ప్రొటీన్ పౌడర్, ఒకటి ద్రవాలు చిక్కబరిచే పౌడర్. బలం వస్తుందని ఇంట్లోవాళ్లు ఈ రెండోది ఫీడ్‌లో కలిపారు. ట్యూబ్‌లో జిగురులా పట్టేసింది. రెండు డబ్బాలూ నర్సింగ్ స్టేషన్ బీరువాలో పెట్టాను, ఎవరడిగినా ఇవ్వొద్దు. మళ్లీ మూసుకుంటే 50 ఎంఎల్ సిరంజితో గోరువెచ్చని నీళ్లు మెల్లగా తోసి లాగండి. కూల్‌డ్రింకు, వైరు వద్దు. మాత్రలు ఒక్కొక్కటి విడిగా నూరి, మధ్యలో నీళ్లు పోయండి. పాంటొప్రజోల్ మాత్రను నూరకూడదు, డాక్టర్ ఇంజెక్షన్‌కు మార్చారు.

షుగర్ 6 గంటలకు 186. ఫీడ్‌కు పావుగంట ముందు చూడండి. ఇన్సులిన్ డోసు డాక్టర్ చార్టులో ఉంది, దానిమీద నా మాటేమీ లేదు. కానీ వరస మాత్రం ఇది: ట్యూబ్ సరిగ్గా ఉందని తేలాలి, ఫీడ్ చేతిలో ఉండాలి, ఆ తర్వాతే ఇన్సులిన్. ఇన్సులిన్ వేశాక ఫీడ్ ఆగిపోతే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, షుగర్ గంటగంటకూ చూడండి. 70 కంటే తగ్గితే, ట్యూబ్ సరిగ్గా ఉంటే గ్లూకోజ్ 20 గ్రాములు నీళ్లలో కలిపి ట్యూబ్‌లో పోయండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ట్యూబ్ లేకపోతే నోట్లో చక్కెర వేయొద్దు. చార్టులో రాసిన ఐవీ డెక్స్ట్రోసే.

ఈ రాత్రి ఊపిరి గమనించండి. పొలమారలేదు కాబట్టి అంతా బాగుందనుకోలేం. కొందరికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ప్రతి 2 గంటలకు ఆక్సిజన్, జ్వరం, ఊపిరి లెక్క. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, జ్వరం 100 దాటినా, గొంతు మళ్లీ గురగురలాడినా ఫీడ్ ఆపి డాక్టర్‌ను పిలవండి. ఈరోజు విరేచనం రెండుసార్లు పల్చగా అయింది. దానికోసం ఫీడ్ ఆపక్కర్లేదు, లెక్క రాయండి చాలు.

ఇంట్లోవాళ్ల సంగతి. భార్యకు అన్నీ వివరంగా చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను కూడా. "నోరెండిపోతోందమ్మా, చూస్తూ ఎలా ఊరుకోను" అని ఏడ్చింది. మొండితనం కాదు, ఆమె బాధ ఆమెది. అందుకే ఆమెకో పని అప్పగించాను: గాజుగుడ్డ తడిపి, గట్టిగా పిండి, గంటకోసారి పెదవులు, నాలుక తుడవాలి. అయితే రాత్రికి ఆమె ఇంటికెళ్లి తమ్ముడు ఉంటాడట. అతనికి ఇవేమీ తెలియవు. 9 గంటలకు వస్తాడు. రాగానే ఎర్ర కార్డు చూపించి మీరే చెప్పండి సిస్టర్, నేను అప్పటికి ఉండను. సంచిలో కొబ్బరిబోండాం నీళ్ల సీసా ఉంటే బయట పెట్టించండి.

ఫీడ్ ఇచ్చిన టైము, ఎంత పోయింది, ఎందుకు ఆగింది, ఇవి ఇన్‌టేక్ షీట్‌లో రాయండి. రేపు 8 గంటలకు వచ్చి అదే చూస్తాను. ఈలోపు ఫీడ్ గురించి సందేహమొస్తే కిచెన్‌కు ఇంటర్‌కామ్ చేయండి, నాకు కలుపుతారు.

వార్డు డైటీషియన్