వీడియో స్క్రిప్ట్: ఆర్కే బీచ్ ఇసుక ఎటు పోతోంది?

(నాలుగు నిమిషాలు. ఒక్కో ముక్క వేరే టేక్. పొద్దున్న ఆరింటికే వెళ్దాం మావా, ఎనిమిది దాటితే గాలి హోరుకి మాట వినబడదు. మైక్‌కి కర్చీఫ్ చుట్టు.)

1. మొదలు, 0:00–0:25
తెర మీద: "ఇసుక ఎటు పోతోంది?", ఐదు సెకన్లు, ఆపైన తీసెయ్.
మాట: నమస్కారం మేడమ్. నా వెనక ఉన్నది విశాఖ ఆర్కే బీచ్. ఈ ఇసుక గట్టు చూడండి, కత్తితో కోసినట్టు నా మోకాలెత్తున తెగిపోయింది.
(గట్టు దగ్గరకి కెమెరా దించు. నేను మాట్లాడను, అలల చప్పుడు చాలు.)

2. ఇసుక నడక, 0:25–1:10
తెర మీద: తీరం మ్యాప్, కింద నుంచి పైకి పసుపు బాణం. "నైరుతి" అన్నాకే బాణం రావాలి, ముందొస్తే నా మాట ఎవరూ వినరు.
మాట: నైరుతి రుతుపవనాల్లో అలలు తీరానికి ఏటవాలుగా తగిలి ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

3. పళ్లెం, 1:10–2:35
(అసలు వీడియో ఇదే, తొందర పడొద్దు. పైనుంచి షాట్, నా చేతులు మాత్రమే.)
మాట: ఇది మా ఇంటి స్టీలు పళ్లెం, ఇందులో తడి ఇసుక. ఈ స్కేలు హార్బరు అడ్డుగోడ అనుకోండి. నీళ్లని అరచేత్తో ఏటవాలుగా తోస్తున్నాను.
తెర మీద: "20 సార్లు తోశాక". స్కేలుకి ఇటు "మేట", అటు "కోత".
మాట: ఇటుపక్క ఇసుక పేరుకుంది. అటుపక్క పళ్లెం అడుగు మెరుస్తోంది.

4. మన హార్బరు, 2:35–3:20
తెర మీద: డాల్ఫిన్ నోస్ ఫొటో, "1933", తర్వాత "1976".
మాట: డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఓడరేవు 1933లో మొదలైంది. ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది. అడ్డుగోడల దగ్గర ఆగిన ఇసుకని డ్రెడ్జర్లతో తోడి, ఉత్తరాన ఉన్న ఈ బీచ్‌లో పోస్తుంటారు.

5. నా పళ్లెం చెప్పనివి, 3:20–4:00
తెర మీద: ఖాళీ. మొహం మాత్రమే.
మాట: తప్పంతా అడ్డుగోడదే అనడం లేదు మేడమ్. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే తీరం కొన్ని గంటల్లోనే మారిపోతుంది. నా పళ్లెంలో తుపాను లేదు, ఆటుపోట్లు లేవు. కోతలో అడ్డుగోడ వాటా ఎంత, తుపాన్ల వాటా ఎంత అన్నది ఇందులో తేలదు. ఒకే చోట గట్టుని ఏడాదిపాటు కొలిస్తే కొంత తెలుస్తుంది. మొదటి కొలత ఇదిగో.
(టేపు గట్టుకి ఆనిస్తాను. అంకె చదవను, కెమెరాకి కనబడేదాకా కదలకు.)
తెర మీద: ఈరోజు తేదీ, టేపు మీది అంకె.